ఇచ్చిన లెక్క, వచ్చిన లెక్క
(మా ఐరాలలో బాడుగ సామాన్ల చరిత్ర)

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు వెంటనే తోచిన విషయం ఇది. రెవెన్యూ శాఖలో ముప్పై అయిదేళ్ళకు పైగా గుమాస్తా పని చేసి 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర వ్రాసే శక్తి నాకు లేదు. డెడ్ స్టాక్ రిజిస్టరు చూసిన అనుభవం మాత్రం ఉంది. ఆఫీసులోని కుర్చీలు, బల్లలు, బీరువాలు ఏడాదికొకసారి లెక్కపెట్టి, "సరిగా ఉన్నవి" అని వ్రాసి అధికారి సంతకం తీసుకోవడం మనలో చాలామంది చేసిన పనే. టెంట్ హౌస్ వాళ్ళు అదే పనిని ఏడాదికొకసారి కాదు, పెళ్ళి పెళ్ళికీ చేయాలి. అదీ అర్ధరాత్రి, అందరూ అలసిపోయి ఉన్న వేళ. ఆ లెక్క మా ఊళ్ళో ఎలా మొదలైంది, ఎలా మారింది, ఎక్కడ తప్పుతుంది అన్నదే ఈ వ్యాసం.

నా చిన్నతనంలో, అంటే 1950లు, 60లలో, ఐరాల చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళి సామాను బాడుగకు తెచ్చుకోవడం అరుదు. ఇరుగుపొరుగు ఇళ్ళనుంచే సేకరించేవారు. పందిరికి వెదురు, కొబ్బరి మట్టలు ఊళ్ళోవే. కూర్చోవడానికి ఈతచాపలు, తుంగచాపలు. పెద్దవాళ్ళ కోసం ఎవరింట్లోనో ఉన్న నాలుగు చెక్క కుర్చీలు. వంటకు ఇత్తడి గుండిగలు, గంగాళాలు, రాగి అండాలు. వీటన్నిటికీ కాగితంమీద లెక్క ఉండేది కాదు. అయినా సామాను తిరిగి ఎవరింటికి వాళ్ళింటికి చేరేది. అందుకు కారణం పాత్రమీద కొట్టించిన పేరు. ఇత్తడి గిన్నె అంచున ఉలితో చుక్కలు చుక్కలుగా ఇంటి యజమాని పేరు, ఒక్కోసారి ఊరి పేరు కూడా చెక్కించేవారు. పెళ్ళి అయిన మరునాడు ఇంటి పెద్ద ముత్తైదువ అన్ని పాత్రలూ అరుగుమీద బోర్లించి, పేర్లు చదివించి, పిల్లల చేత ఇళ్ళకు పంపేది. చదువు రాని అవ్వ కూడా ఆ చుక్కలను వేలితో తడిమి, "ఇది మనది కాదు నాయనా, మనదానికి అంచు దగ్గర నొక్కు ఉండాది" అని చెప్పగలిగేది.

పెద్ద ఇత్తడి పాత్రలు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త ఉండేది. వాటిని సంఖ్యతోపాటు బరువుతో కూడా గుర్తుపెట్టుకునేవారు. ఇత్తడి తూకానికి ధర పలికే లోహం కనుక రెండు గుండిగలు ఇచ్చి రెండు గుండిగలు తీసుకుంటే చాలదు. అదే బరువువి రావాలి. లోపలి కళాయి చూడటం కూడా అప్పగింతలో భాగమే. కళాయి పోయిన పాత్రలో పులుసు కాస్తే చిలుము వస్తుంది. అందుకని పాత్ర లోపలికి తొంగి చూసి తెల్లగా మెరుస్తుంటేనే తీసుకునేవారు.

మా ఊళ్ళో మొదట నిజమైన బాడుగకు వచ్చినది దీపం. కరెంటు ఇంకా అన్ని వీధులకూ రాని రోజులవి. మా ప్రాంతపు ధర్మరాజుల గుళ్ళలో పద్దెనిమిది రోజులు భారతం జరిగేది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. దానికి పెట్రోమాక్సు లైట్లు కావాలి. జర్మనీ కంపెనీ ఒకటి పెట్టిన పేరు అది. తర్వాత ఎవరు తయారుచేసిన లైటునైనా మనవాళ్ళు పెట్రోమాక్సు అనే పిలిచారు. ఒకరిద్దరు లైట్లు కొని ఉంచుకుని రాత్రికింత అని బాడుగ వసూలు చేసేవారు.

లెక్క అసలు మెలిక ఏమిటో ఈ లైటు అప్పగింతలోనే నేను మొదట చూశాను. ఒక లైటు అంటే ఒక వస్తువు కాదు. గాజు చిమ్నీ, పైన మూత, పంపు, బర్నరును శుభ్రం చేసే పిన్ను, అన్నీ కలిస్తేనే లైటు. వీటిలో ఏది తిరిగి రాకపోయినా లైటు వచ్చినట్టు కాదు. మ్యాంటిల్ మాత్రం వేరు. ఒకసారి వెలిగించాక అది బూడిదలాంటి గూడు అయిపోతుంది. బండి కుదుపుకే రాలిపోతుంది. కాబట్టి మ్యాంటిళ్ళను, కిరసనాయిలును ఖర్చు పద్దు కింద వ్రాసేవారు. తక్కినవి తిరిగి ఇవ్వవలసిన పద్దు. మన ఆఫీసు భాషలో ఒకటి వినియోగ సరుకు, రెండవది నిల్వ సరుకు. ఇంకొక నియమం, లైటును వెలిగించి చూపించే అప్పగించాలి. వెలుగుతుండగా తీసుకున్నవాడు, మరునాడు వెలగని లైటు ఇచ్చి "నువ్వు ఇచ్చిందే ఇట్ల ఉండె" అనడానికి వీల్లేదు. ఈనాటికీ ట్యూబ్‌లైట్లు, సీరియల్ సెట్లు ఇచ్చేటప్పుడు మంచి టెంట్ హౌస్ వాళ్ళు ప్లగ్గులో పెట్టి వెలిగించి చూపిస్తారు. లెక్కలో పది ఉండి, వెలిగేవి ఎనిమిదే అయితే ఆ పది అంకెకు అర్థం లేదు.

తర్వాతి దశ షామియానా, ఇనుప మడత కుర్చీలు. 1985లో మండలాలు ఏర్పడి ఐరాల మండల కేంద్రం అయ్యాక ఆఫీసులు, మీటింగులు పెరిగాయి. మా మండలంలోనే ఉన్న కాణిపాకంలో వినాయక చవితి మొదలుకొని 21 రోజులు ఉత్సవాలు. పెళ్ళి ముహూర్తాలు సరేసరి. "షామియానా, కుర్చీలు, వంట సామాన్లు, మైక్‌సెట్ బాడుగకు ఇవ్వబడును" అనే బోర్డులు అప్పుడే ఎక్కువగా కనబడసాగాయి. ఇత్తడి పోయి అల్యూమినియం అండాలు, స్టీలు బక్కెట్లు వచ్చాయి. పేరు చెక్కించడం పోయి రంగు గుర్తు వచ్చింది. కుర్చీ వీపున పచ్చ పట్టీ ఒకరిది, ఎర్ర పట్టీ ఇంకొకరిది. ఒకే ముహూర్తానికి మూడు పెళ్ళిళ్ళు పడితే ఒక టెంట్ హౌస్ వాళ్ళు ఇంకొకరి దగ్గర కుర్చీలు తెచ్చి పంపుతారు. అప్పుడు పందిట్లో రెండు రంగులూ కలిసిపోతాయి. ఆ రంగు పట్టీయే వాటిని విడదీసేది.

అలాగే చీటీ వచ్చింది. కార్బన్ పెట్టి రెండు ప్రతులు. ఎడమ వైపు వస్తువు పేరు, మధ్యలో "ఇచ్చినది", కుడి వైపు "వచ్చినది". కింద సంతకం. చూడటానికి ఇంతకంటే తేలిక ఏముంది అనిపిస్తుంది. దానిలో ఎన్ని సందులు ఉన్నాయో నాకు 1996లో మా ఇంటి పెళ్ళిలోనే తెలిసింది.

అది మా తమ్ముడి కూతురి పెళ్ళి. సామాను తెచ్చింది ఒక చిన్న టెంట్ హౌస్ నుంచి. పేరు అనవసరం. ముందురోజు సాయంత్రం ట్రాక్టరులో సామాను దిగింది. లెక్క తీసుకునే పని నాకు అప్పగించారు, గుమాస్తాను కదా అని. చీటీలో 150 మడత కుర్చీలు, 200 స్టీలు గ్లాసులు, 8 సాంబారు గరిటెలు, 6 జంపకానాలు, తక్కిన వంట సామాను ఉన్నాయి. కుర్చీలను మడిచి పదేసి చొప్పున గోడకు ఆనించి పెట్టారు. నేను పదిహేను వరుసలు లెక్కపెట్టాను. ఒక్కొక్క వరుసలో పది ఉన్నాయో లేదో చూడలేదు. గ్లాసులు గోనెసంచిలో ఉన్నాయి. సంచి విప్పకుండానే సంతకం పెట్టాను. అప్పుడే మగపెళ్ళివారి బస్సు వచ్చిందని కేక వినబడింది. నేనూ పరుగెత్తాను.

పెళ్ళి అయింది. మరునాటి రాత్రి సామాను తీసుకుపోవడానికి టెంట్ హౌస్ కుర్రవాడు వచ్చాడు. పదహారు పదిహేడేళ్ళుంటాయి. మా ఇంటి మగవాళ్ళు అప్పటికే పడుకున్నారు. వాడే లెక్కపెట్టుకుని, వాడే ఎక్కించుకుని పోయాడు. ఇచ్చేటప్పుడు ఇద్దరం ఉన్నాము, వచ్చేటప్పుడు ఒక్కడే ఉన్నాడు. చాలా తగాదాలకు మూలం ఇక్కడే ఉందని నాకు తర్వాత అర్థమైంది.

తెల్లవారి యజమాని కబురు చేశాడు. కుర్చీలు 144 వచ్చాయి, ఆరు తక్కువ. గ్లాసులు 187 వచ్చాయి, పదమూడు తక్కువ. గరిటెలు ఎనిమిదీ సరిపోయాయి. తరుగు మా అడ్వాన్సులో పట్టుకుంటానని, కుర్రవాడి కూలిలో కూడా కొంత కోస్తానని చెప్పాడు. ఆ కుర్రవాడు అక్కడే నిలబడి ఉన్నాడు. "నేనైతే ఉన్నవన్నీ ఎక్కించినా సార్. ఒగటి గూడా ఎవురికీ ఇయ్యలేదు, దేవుడి తోడు" అన్నాడు. వాడి మొహం చూస్తే నాకు నా సంతకం గుర్తుకు వచ్చింది. విప్పి చూడని సంచికి నేను పెట్టిన సంతకం వాడి మెడకు చుట్టుకుంది.

ఆ రోజు సెలవు పెట్టి లెక్క పట్టుకున్నాను. ముందు కుర్చీలు. మగపెళ్ళివారి విడిది మూడిళ్ళ అవతల. అక్కడ ముసలివాళ్ళ కోసం తీసుకుపోయిన కుర్చీలు నాలుగు వసారాలో ఉన్నాయి. వంటపాక వెనుక పొయ్యి దగ్గర వంటమనిషి కూర్చున్నది ఒకటి, మసి పట్టి ఉంది. అయిదు దొరికాయి. ఒకటి తక్కువ.

తర్వాత గ్లాసులు. గ్లాసులు పోయే చోటు ప్రతి టెంట్ హౌస్ వాడికీ తెలుసు. పంక్తి లేచాక ఎంగిలాకులను మడిచి ఒక్క ఊపున ఎత్తి గంపలో వేస్తారు. ఆకు మడతలో గ్లాసు ఉండిపోతుంది. ఎంగిలాకులు వేసిన గుంటలో కర్రతో కదిపి చూడగా తొమ్మిది గ్లాసులు బయటపడ్డాయి. మిగిలిన నాలుగు దొరకలేదు. వాటికి మేము డబ్బు కట్టడం న్యాయమే.

గరిటెల విషయం విచిత్రం. ఎనిమిది ఇచ్చారు, ఎనిమిది వచ్చాయి. కాని ఒకదాని కాడమీద చుక్కల అక్షరాలతో మా పక్కింటివారి పేరు ఉంది. టెంట్ హౌస్ గరిటె పక్కింటి వంటింట్లో ఉంది, పక్కింటి గరిటె టెంట్ హౌస్‌కు పోయింది. అంకె సరిపోయినంత మాత్రాన సరుకు సరిపోయినట్టు కాదు. ఎక్కువ రావడం కూడా తేడాయే. ఒకరి సొమ్ము వచ్చి చేరితే మన సొమ్ము ఎక్కడో తక్కువైన సంగతిని అది కప్పేస్తుంది.

ఇక ఆ ఒక్క కుర్చీ. ఊరంతా వెతికినా లేదు. అప్పుడు యజమానిని అతని పుస్తకం చూపించమని అడిగాను. ఇష్టం లేకపోయినా చూపించాడు. మొత్తం కుర్చీలు 200. మా పెళ్ళికి 150, అదే రోజు వేరే ఊరికి 50. గోదాములో సున్న. ఆ 50 సరిగా తిరిగి వచ్చాయి. అంతకుముందు వారపు చీటీలు తిరగేశాను. ఒక చీటీ వెనుక పెన్సిలుతో "1 కాలు విరిగినది, వెల్డింగు" అని వ్రాసి ఉంది. వెల్డింగు షాపు రెండు వీధుల అవతలే. వెళ్ళి చూస్తే కుర్చీ అక్కడ గోడకు ఆనించి ఉంది, కాలు అతికించి, రంగు ఆరిపోయి. మాకు వచ్చినవి 149 మాత్రమే. పదిహేను వరుసల్లో ఒక వరుసలో తొమ్మిదే ఉండి ఉండాలి. పుస్తకంలో 200, భూమిమీద 199.

యజమాని మంచివాడే. తప్పు ఒప్పుకున్నాడు. కుర్రవాడి కూలి కోయలేదు. నాలుగు గ్లాసుల ధర మేము కట్టాము. నేను అతనితో అన్నది ఒక్కటే. "మీ పుస్తకంలో గోదాములో ఉన్నవి, బయట ఉన్నవి అని రెండే గడులు ఉన్నాయి. మరమ్మతులో ఉన్నవి అని మూడవ గడి వేయండి. మూడూ కూడితే మొత్తం రావాలి. రాకపోతే తేడా మీ దగ్గరే ఉంది, పెళ్ళివారిమీద పడకండి." అతను ఆ గడి వేశాడు. కుర్రవాడికి చెప్పవలసిన మాట నేను ఆ రోజు చెప్పలేకపోయాను. తప్పు నా సంతకానిది కూడా అని చెప్పి ఉండవలసింది.

ఆ తర్వాత టెంట్ హౌస్‌ల పని తీరు గమనించడం నాకు అలవాటైంది. కుర్చీలది ఒక లెక్క అయితే జంపకానాలది ఇంకొక లెక్క. చుట్టలు లెక్కపెడితే మోసపోతాము. ఒక చుట్టలో రెండు చేరుతాయి, లేదా చిన్నది పెద్దదాని లోపల దాక్కుంటుంది. విప్పి చూడాలి. విప్పితేనే అగరుబత్తి కాలిన చిల్లులు, పసుపు నీళ్ళ మరకలు కనబడతాయి. తడిగా ఉన్నది చుట్టి గోదాములో పెడితే వారంలో ముక్కిపోతుంది. అందుకని తెలిసినవాళ్ళు జంపకానాలను ఆ రాత్రి సంఖ్యకు మాత్రమే తీసుకుని, ఎండలో ఆరవేశాక బాగోగులు చూసి చీటీ మూసివేస్తారు. వంట పాత్రలదీ అంతే. ఒకదానిలో ఒకటి పెట్టి తెచ్చిన పాత్రలను విడదీసి, మూతలు వేరే లెక్కపెట్టి, అండాలో నీళ్ళు పోసి అడుగు కారుతున్నదేమో చూడాలి. పొయ్యిమీద పెట్టాక కారితే అది ముందునుంచీ ఉన్న చిల్లా, ఇప్పుడు పడిన చిల్లా అని ఎవరూ తేల్చలేరు.

ప్రభుత్వం కూడా ఈ సామానును తన పద్ధతిలో లెక్కించింది. 1997లో కేంద్ర ఆర్థిక చట్టం పందిరి, షామియానా కాంట్రాక్టర్ల సేవను సేవాపన్ను కిందికి తెచ్చింది. కుర్చీలు బల్లల వంటి సామగ్రి, దీపాలు, నేలమీద పరిచేవి సరఫరా చేయడం కూడా ఆ సేవలో భాగమే అని నిర్వచనం చెప్పింది. చదివినప్పుడు మా ఊరి చీటీని ఢిల్లీలో ఎవరో చూసి వ్రాసినట్టు అనిపించింది. 2017 జూలై 1 నుంచి సేవాపన్ను స్థానంలో జీఎస్టీ వచ్చింది.

కుర్చీలు మళ్ళీ మారాయి. ఇనుప మడత కుర్చీ స్థానంలో ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఇటువంటి దాన్ని 1972లో ఫ్రాన్సు దేశస్థుడు ఆంరీ మాసొనే తయారుచేసి అమ్మాడు. అది మన పల్లె పెళ్ళిళ్ళకు చేరడానికి చాలా ఏళ్ళే పట్టింది. ఇది లెక్కకు అనుకూలమైన కుర్చీ. ఒకదానిమీద ఒకటి ఇరవై చొప్పున పేర్చి పక్కపక్కన నిలబెడితే, ఒకటి తక్కువైన దొంతి తల దించుకుని కనబడుతుంది. మనిషి లెక్క తప్పినా ఎత్తు తప్పదు. కాని ఒక షరతు ఉంది. అన్నీ ఒకే రకం కావాలి. వేరే కంపెనీ కుర్చీ ఒకటి మధ్యలో దూరితే అది పూర్తిగా కిందికి దిగదు. అప్పుడు పంతొమ్మిది కూడా ఇరవై ఎత్తు ఉంటాయి.

2020లో కరోనా కాలాన పెళ్ళికి 50 మందికి మించరాదని నిబంధన వచ్చినప్పుడు ఈ కుర్చీల దొంతులు గోదాముల్లో దుమ్ము పట్టి ఉండటం చూశాను. జంపకానాలు ఎలుకల పాలయ్యాయని ఒక యజమాని బాధపడ్డాడు. బయటికి పోని సామానుకు బాడుగా లేదు, తనిఖీ కూడా లేదు. పోయి వచ్చే సామానే బాగుంటుందని అతను అన్న మాట నిజం. ఇప్పుడు చాలామంది కళ్యాణ మండపాల్లో పెళ్ళి చేస్తున్నారు. గ్లాసుల స్థానంలో పారవేసే కప్పులు వచ్చాయి. అవి మ్యాంటిల్ లాగా ఖర్చు పద్దు. ఎంగిలాకుల గుంటలో వెతకవలసిన పని తప్పింది. కుర్రవాళ్ళు సామాను దించగానే సెల్‌ఫోనుతో ఫోటో తీసుకుంటున్నారు. మంచిదే. కాని ఫోటోలో సంచి కనబడుతుంది, సంచిలోనివి కనబడవు.

మన సంఘ సమావేశాలకు కుర్చీలు తెప్పించినప్పుడు చీటీమీద సంతకం పెట్టే పని ఇప్పటికీ నాకే అప్పగిస్తున్నారు. సభ్యులు లోపల కాఫీ తాగుతుంటే నేను బయట దొంతులు లెక్కపెడుతూ ఆలస్యం చేస్తానని కొందరు మిత్రులు విసుక్కోవడం నాకు తెలుసు. సామాను తిరిగి ఎక్కించేటప్పుడు కూడా నేను ఉండే పోతాను. దించిన కుర్రవాడిని పక్కన నిలబెట్టుకుని ఇద్దరం కలిసి లెక్కపెట్టి, వాడి ఎదుటే "వచ్చినది" గడి నింపి, ఒక ప్రతి వాడి జేబులో పెట్టి పంపిస్తాను.